యూనిట్ – 9: ఈస్ట్, బూజు, పుట్టగొడుగు మధ్య తేడాలు – గదిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగుల పెంపకం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు

- ఈస్ట్, బూజు, పుట్టగొడుగులను వాటి నిర్మాణాన్ని బట్టి వేరుచేసి గుర్తించగలరు.
- ఒకే గడ్డిపై ఈ మూడింటి మధ్య పోటీ ఎందుకు వస్తుందో వివరించగలరు.
- అనంతపురం వంటి పొడి ప్రాంతంలో ఒక గదిలో ముత్యపు చిప్ప పుట్టగొడుగులను పెంచే క్రమాన్ని లెక్కలతో సహా రాయగలరు.
- సంచిని చూసి అందులో పెరుగుతున్నది పుట్టగొడుగు శిలీంద్రమో, బూజో చెప్పగలరు.

9.1 పరిచయం

పుట్టగొడుగుల కోసం గడ్డి నింపి కట్టిన ఒక పాలిథీన్ సంచిని ఊహించుకోండి. కట్టి పది రోజులైంది. లోపల తెల్లటి దారాల వంటి పెరుగుదల కనిపిస్తోంది. అది మీరు వేసిన పుట్టగొడుగు శిలీంద్రమా, లేక గాలిలో నుంచి వచ్చిన బూజా? మొదటిదైతే మరో పది రోజులు ఆగాలి. రెండవదైతే ఆ సంచిని ఈరోజే గదిలో నుంచి తీసివేయాలి. ఆలస్యమైతే పక్క సంచులకూ నష్టం జరుగుతుంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే శిలీంద్రాల నిర్మాణం తెలియాలి. అందువల్ల ఈ యూనిట్‌లో ముందుగా మూడు రకాల శిలీంద్ర రూపాలను పరిశీలించి, తరువాత పెంపకం గురించి తెలుసుకుందాం. ఉదాహరణగా అనంతపురం పీఠభూమిని తీసుకుందాం. ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రధాన పంట వేరుసెనగ. పుట్టగొడుగుకు కావలసిన తేమ గాలిలో ఉండేది తక్కువ. కాబట్టి ఏ పని ఎందుకు చేస్తున్నామో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

9.2 మూడు రూపాలు

ఈస్ట్, బూజు, పుట్టగొడుగు అనేవి వర్గీకరణలో మూడు వేర్వేరు సమూహాల పేర్లు కావు. అవి శిలీంద్రాలు పెరిగే తీరుకు మనం పెట్టుకున్న వాడుక పేర్లు. ఉదాహరణకు, రొట్టెను పొంగించే ఈస్ట్, వేరుసెనగ గింజపై వచ్చే ఆస్పర్జిల్లస్ బూజు రెండూ ఆస్కోమైకోటా విభాగానికే చెందుతాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు బెసిడియోమైకోటా విభాగానికి చెందుతుంది. కాబట్టి గుర్తించేటప్పుడు బంధుత్వాన్ని కాక, మొదట ఆకారాన్ని చూడాలి.

9.2.1 ఈస్ట్

ఈస్ట్ ఏకకణ జీవి. దానికి సాధారణంగా దారాలు ఉండవు. సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రటి లేదా అండాకార కణాలు కనిపిస్తాయి. కొన్ని కణాలకు పక్కన చిన్న బుడిపె ఉంటుంది. ఆ బుడిపె పెరిగి, విడిపోయి కొత్త కణమవుతుంది. దీనిని కోరకీభవనం అంటారు.

ఈత చెట్టు నుంచి తెల్లవారుజామున దించిన నీరా తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురగ కట్టి, ఘాటైన వాసనతో కల్లుగా మారుతుంది. ఆ నీరాలోని చక్కెరలను ఈస్ట్ కణాలు ఆల్కహాలుగాను, కార్బన్ డైఆక్సైడుగాను మారుస్తాయి. నురగకు కారణం ఆ వాయువే. దానితోపాటు కొన్ని బాక్టీరియాలు కూడా పనిచేసి పులుపును తెస్తాయి. కంటికి దారాలు కనిపించకపోవడం, ద్రవంలో నురగ, పులిసిన వాసన – ఇవి ఈస్ట్ ఉన్నదని చెప్పే గుర్తులు.

9.2.2 బూజు

బూజు బహుకణ శిలీంద్రం. దాని దేహం సన్నని దారాలతో ఏర్పడుతుంది. ఒక్కొక్క దారాన్ని శిలీంద్ర తంతువు అనీ, అవన్నీ అల్లుకొని ఏర్పడిన వలను శిలీంద్రజాలం అనీ అంటారు. బూజు ఆహారంపై త్వరగా పరచుకొని, కొద్ది రోజుల్లోనే పొడి వంటి సిద్ధబీజాలను ఏర్పరుస్తుంది. మనం చూసే నలుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు చాలావరకు ఆ సిద్ధబీజాలవే. అంటే రంగు కనిపించే నాటికి బూజు వ్యాపించడం మొదలైనట్లే.

రొట్టెపై వచ్చే రైజోపస్‌లో తంతువులకు అడ్డుపొరలు దాదాపు ఉండవు. నిటారుగా లేచిన కాడల కొనల్లో నల్లటి గుండుసూది తలల వంటి సిద్ధబీజాశయాలు ఉంటాయి. ఆస్పర్జిల్లస్‌లో తంతువులకు అడ్డుపొరలు ఉంటాయి. సిద్ధబీజాలు సంచిలో కాక, కాడ కొనపై బయటికి గొలుసులుగా ఏర్పడతాయి.

అనంతపురం రైతులకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కొత్తది కాదు. వేరుసెనగ పైరు చివరి దశలో వాన ముఖం చాటేసి నేల ఎండితే, కాయ భూమిలో ఉండగానే ఈ బూజు గింజలోకి చేరగలదు. తవ్విన కాయను సరిగా ఆరబెట్టకుండా నిల్వ చేసినా పెరుగుతుంది. పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి దీని గుర్తు. ఇది అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తుంది. ఆ విషం కాలేయానికి హాని చేస్తుంది. మామూలు వంట వేడికి అది పూర్తిగా నశించదు. అందుకే బూజు పట్టిన గింజను తుడిచి వాడకూడదు.

9.2.3 పుట్టగొడుగు

పుట్టగొడుగు శిలీంద్రం కూడా జీవితంలో ఎక్కువ కాలం దారాలుగానే ఉంటుంది. మనం కోసి వండుకునే గొడుగు దాని ఫలనాంగం మాత్రమే. మామిడి చెట్టుకు కాయ ఎలాంటిదో, గడ్డిలో అల్లుకున్న శిలీంద్రజాలానికి గొడుగు అలాంటిది. గొడుగు కిందివైపు రేకుల వంటి మొప్పలు ఉంటాయి. ఆ మొప్పలపై గద ఆకారపు కణాలు, ఒక్కొక్క కణంపై సాధారణంగా నాలుగు సిద్ధబీజాలు ఏర్పడతాయి. ఈ కణాన్ని బెసిడియం అంటారు.

గొడుగు రాకముందు ఇది బూజులాగే కనిపిస్తుంది. పెంపకందారుకు వచ్చే చిక్కు ఇదే. సూక్ష్మదర్శిని ఉంటే ఒక ఆధారం దొరుకుతుంది. ముత్యపు చిప్ప శిలీంద్ర తంతువుల్లో అడ్డుపొరల వద్ద చిన్న కొక్కెం వంటి ఉబ్బు కనిపిస్తుంది. దీనిని క్లాంప్ సంధానం అంటారు. సంచిని పాడుచేసే సాధారణ బూజుల్లో ఇది ఉండదు. సూక్ష్మదర్శిని లేనివారు కంటితో ఎలా గుర్తించాలో 9.6లో చూద్దాం.

9.3 ఒకే గడ్డిపై పోటీ

ఎండుగడ్డిలో మూడు రకాల ఆహారం ఉంటుందని అనుకోండి. మొదటిది, నీటిలో తేలికగా కరిగే చక్కెరలు. ఇవి కొద్దిగానే ఉంటాయి. వీటిని ఈస్ట్‌లు, బాక్టీరియాలు మొదట తినేస్తాయి. రెండవది సెల్యులోజ్. దీనిని ట్రైకోడెర్మా వంటి బూజులు వేగంగా విచ్ఛిన్నం చేయగలవు. మూడవది లిగ్నిన్. గడ్డికి గట్టిదనాన్నిచ్చే ఈ పదార్థాన్ని చాలా సూక్ష్మజీవులు ముట్టుకోలేవు. ముత్యపు చిప్ప శిలీంద్రం లాకేజ్ వంటి ఎంజైములను విడుదల చేసి లిగ్నిన్‌ను విడగొడుతుంది. దాని చాటున ఉన్న సెల్యులోజ్‌ను కూడా వాడుకుంటుంది.

అంటే గడ్డి పుట్టగొడుగుకు అనువైన ఆహారమే. కానీ అది నిదానంగా తింటుంది, బూజు త్వరగా తింటుంది. అందువల్ల పెంపకంలో చేసే ప్రతి పనికీ ఒకటే ఉద్దేశం: బూజును కొంతకాలం వెనక్కి నెట్టి, పుట్టగొడుగు శిలీంద్రానికి ముందంజ ఇవ్వడం. గడ్డిని వేడినీటిలో ఉంచేది బూజు సిద్ధబీజాలను చంపడానికి. నానబెట్టిన నీటిని పారబోయడం వల్ల కరిగిన చక్కెరలు కూడా పోతాయి. తవుడు ఎక్కువగా కలిపితే దిగుబడి పెరుగుతుందని కొందరు అనుకుంటారు. సరిగా శుద్ధి చేయని సంచిలో తవుడు మొదట బూజుకే ఆహారమవుతుంది.

9.4 గది, కాలం

మన దేశంలో వరిగడ్డిపై ప్లూరోటస్ పెంపకాన్ని గురించి 1962లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థకు చెందిన బానో, శ్రీవాస్తవ ప్రచురించారు. ప్లూరోటస్ అనేది ముత్యపు చిప్ప పుట్టగొడుగుల ప్రజాతి. ఇప్పుడు దక్షిణాదిలో ప్లూరోటస్ ఫ్లోరిడా, ప్లూరోటస్ సాజర్-కాజు అనే రకాలను ఎక్కువగా పెంచుతున్నారు. వీటికి 20 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, కాపు దశలో 80 నుంచి 90 శాతం గాలి తేమ కావాలి.

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరుతుంది. ఆ కాలం ఈ రకాలకు పనికిరాదు. వేడిని తట్టుకునే పాల పుట్టగొడుగు వేరే జాతి, దాని పద్ధతి వేరు. జూన్ నుంచి ఆగస్టు వరకు వేడి తగ్గినా, నైరుతి గాలులు బలంగా వీస్తాయి. రామగిరి కొండలపై గాలిమరలు పెట్టింది ఆ గాలి కోసమే. అదే గాలి తెరిచిన కిటికీ గుండా వచ్చి సంచులను ఆరబెడుతుంది. సెప్టెంబరు వానల తరువాత నుంచి జనవరి చివరి వరకు ఉన్న కాలం మొదటిసారి పెంచేవారికి అనుకూలమైనది.

గది విషయానికి వస్తే, రేకుల షెడ్డు కంటే మందమైన గోడలున్న పాత మట్టి మిద్దె మేలు. పగటి వేడి లోపలికి ఆలస్యంగా చేరుతుంది. నేలపై రెండు అంగుళాల మందాన ఇసుక పరచి తడపాలి. కిటికీలకు, తలుపుకు గోనె పట్టలు వేలాడదీసి తడుపుతూ ఉండాలి. కిటికీలకు సన్నని వల కూడా వేస్తే ఈగలు రావు.

తేమను అంచనా వేయడానికి రెండు మామూలు ఉష్ణమాపకాలు చాలు. ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి, గుడ్డ చివరను నీటిలో ఉంచండి. పొడి మాపకం 26, తడి మాపకం 24 చూపితే గదిలో తేమ సుమారు 85 శాతం ఉన్నట్లు. పొడిది 32, తడిది 24 చూపితే తేమ సుమారు 50 శాతమే. రెండింటి మధ్య తేడా పెరిగేకొద్దీ గాలి పొడిగా ఉన్నదని అర్థం. కాపు దశలో ఈ తేడా 2 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి.

9.5 పది కిలోల గడ్డితో ఒక ఉదాహరణ

ధర్మవరం సమీపంలో ఒక ఇంటివారు అక్టోబరు మొదటి తేదీన పది కిలోల ఎండు వరిగడ్డితో పని మొదలుపెట్టారని అనుకుందాం. గడ్డి ఆ సంవత్సరపుదై, వానకు తడవనిదై, బంగారు రంగులో ఉండాలి. నల్లబడిన గడ్డిలో బూజు అప్పటికే స్థిరపడి ఉంటుంది.

*గడ్డిని సిద్ధం చేయడం:* గడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా నరికి, సుమారు వంద లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి ఆ నీటిని వంచివేయాలి. తరువాత గడ్డిని గోనెసంచిలో కట్టి, 80 నుంచి 85 డిగ్రీల వేడినీటిలో ఒక గంట ముంచి ఉంచాలి. నీరు తెర్లవలసిన అవసరం లేదు. ఈ వేడికి బూజులు, ఈగల గుడ్లు చాలావరకు నశిస్తాయి. కొందరు ఫార్మలిన్, కార్బెండజిమ్ కలిపిన నీటిలో గడ్డిని నానబెడతారు. ఆ నీటిని మొక్కలకు పోయలేము, ఫార్మలిన్ ఆవిరి కళ్ళకు, ఊపిరితిత్తులకు హానికరం. మందు కలపకుండా నానబెట్టిన నీటిని మాత్రం పెరటి చెట్లకు మళ్లించవచ్చు. నీరు కరువైన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు.

*తేమ సరిచూడటం:* వేడినీటి నుంచి తీసిన గడ్డిని శుభ్రమైన వాలు బండపై పరచి నీరు ఓడనివ్వాలి. గుప్పెడు గడ్డిని గట్టిగా పిండి చూడండి. నీటి బొట్టు జారకూడదు, అరచేయి మాత్రం తడి కావాలి. అప్పుడు తేమ సుమారు 65 శాతం ఉంటుంది. పది కిలోల ఎండుగడ్డిలో సుమారు 9 కిలోలు ఘనపదార్థం. 65 శాతం తేమ వద్ద ఆ 9 కిలోలు మొత్తం బరువులో 35 శాతం అవుతాయి. కాబట్టి తడిగడ్డి బరువు 9 ÷ 0.35, అంటే సుమారు 25.7 కిలోలు. తూకం వేసినప్పుడు 30 కిలోలు దాటితే గడ్డి ఇంకా ఆరాలని అర్థం.

*విత్తడం:* పుట్టగొడుగు విత్తనం నిజానికి గింజ కాదు. ఉడికించి, అధిక పీడన ఆవిరితో శుద్ధి చేసిన జొన్నలపై పెంచిన శిలీంద్రజాలమే అది. ప్రతి జొన్న గింజ చుట్టూ తెల్లటి దారాలు గట్టిగా అల్లుకొని ఉండాలి. ఆకుపచ్చ మచ్చ గాని, పులిసిన వాసన గాని ఉన్న విత్తనాన్ని తిరస్కరించాలి. తడిగడ్డి బరువులో 3 శాతం చొప్పున వేస్తే, 25 కిలోలకు సుమారు 750 గ్రాములు కావాలి.

చేతులను సబ్బుతో కడుక్కొని, చల్లారిన గడ్డిని పాలిథీన్ సంచిలో రెండు అంగుళాల పొరగా వేసి, అంచు వెంబడి విత్తనం చల్లాలి. ఇలా నాలుగైదు పొరలు వేసి, కొద్దిగా అదిమి మూతి కట్టాలి. ఒక్కొక్క సంచిలో రెండున్నర కిలోల తడిగడ్డి, 75 గ్రాముల విత్తనం పడితే మొత్తం పది సంచులవుతాయి. సంచి చుట్టూ ఎనిమిది, పది చిన్న రంధ్రాలు పెట్టాలి. గడ్డి వేడిగా ఉండగా విత్తితే శిలీంద్రం చచ్చిపోతుంది. చేతికి చల్లగా తగిలే వరకు ఆగాలి.

*అల్లిక దశ:* సంచులను చీకటి గదిలో, ఒకదానికొకటి తగలకుండా ఉంచాలి. పెరిగే శిలీంద్రం స్వయంగా వేడిని విడుదల చేస్తుంది కాబట్టి సంచి లోపల గది కంటే ఎక్కువ వేడి ఉంటుంది. ఈ దశలో సంచికి నీరు పోయకూడదు. పదిహేను నుంచి ఇరవై రోజుల్లో గడ్డి అంతా తెల్లబడి, ఒకే ముద్దగా బిగుసుకుంటుంది.

*కాపు దశ:* అక్టోబరు 20 ప్రాంతంలో పాలిథీన్‌ను కోసి తీసివేసి, గడ్డి ముద్దలను ఉట్టిలోనో, బల్లపైనో ఉంచాలి. ఇప్పుడు మూడు మార్పులు అవసరం. పుస్తకం చదవగలిగినంత వెలుతురు, ఉదయం సాయంత్రం స్వచ్ఛమైన గాలి, రోజుకు రెండు మూడుసార్లు సన్నని నీటి తుంపర. నాలుగైదు రోజుల్లో గుండుసూది తలల వంటి మొగ్గలు వస్తాయి. మరో మూడు రోజుల్లో అవి కోతకు వస్తాయి. గొడుగు అంచు పైకి వంకర తిరగకముందే, మొదలు పట్టుకొని మెలితిప్పి తీయాలి. ఆలస్యమైతే సిద్ధబీజాలు గాలిలోకి రాలుతాయి. వాటిని రోజూ పీలిస్తే దగ్గు, ఆయాసం రావచ్చు. అందుకే కోతకు వెళ్ళేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

9.6 సంచిని చూసి తెలుసుకోవడం

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. ముత్యపు చిప్ప శిలీంద్రం జొన్న గింజ వద్ద మొదలై, అక్కడి నుంచి చుట్టూ వలయంగా విస్తరిస్తుంది. దారాలు చిక్కగా, గడ్డిని అంటిపెట్టుకొని ఉంటాయి. వాసన తాజా పుట్టగొడుగు వాసనే. ట్రైకోడెర్మా కూడా మొదట తెల్లగానే ఉంటుంది. అయితే అది పలుచని దూది పింజలాగా, గింజతో సంబంధం లేని చోట కూడా కనిపించి, రెండు నుంచి నాలుగు రోజుల్లో మధ్యలో ఆకుపచ్చగా మారుతుంది. అనుమానం వచ్చిన మచ్చ చుట్టూ సంచిపై పెన్నుతో గీత గీసి, తేదీ వేయండి. మర్నాడు గీత దాటి మచ్చ పెరిగి, రంగు తిరిగితే అది బూజు.

| కనిపించేది | కారణం | చేయవలసినది |
|---|---|---|
| ఆకుపచ్చ పొడి | ట్రైకోడెర్మా. గడ్డి శుద్ధి చాలలేదు | సంచిని విప్పకుండా బయటికి తీసి పూడ్చాలి |
| కింద నీరు, పులిసిన లేదా కుళ్ళిన వాసన | తేమ ఎక్కువై ఈస్ట్‌లు, బాక్టీరియాలు పెరిగాయి | ఆ సంచిని తీసివేయాలి. తరువాతి విడతలో గడ్డిని మరింత ఆరనివ్వాలి |
| సన్నని కాడలతో, నల్లని సిరాలా కరిగే గొడుగులు | కలుపు పుట్టగొడుగు | కరగకముందే పీకివేయాలి, తినకూడదు |
| పొడవు కాడ, చిన్న గొడుగు | గాలి ఆడక కార్బన్ డైఆక్సైడు పేరుకుంది | కిటికీ తెరిచే సమయం పెంచాలి |
| మొగ్గలు పసుపురంగుకు తిరిగి ఎండటం | గాలి తేమ తక్కువ | గోనె పట్టలను, ఇసుకను తడపాలి |

చివరి రెండు సమస్యలూ అనంతపురంలో జంటగా వస్తాయి. తేమ పోతుందని కిటికీ మూస్తే కాడలు సాగుతాయి, గాలి కోసం తెరిస్తే మొగ్గలు ఎండుతాయి. దీనికి పరిష్కారం కిటికీని మూయడం కాదు, వచ్చే గాలిని తడి గోనె గుండా రానివ్వడం.

9.7 దిగుబడి లెక్క

దిగుబడిని ఎండుగడ్డి బరువుతో పోల్చి చెబుతారు. దీనిని జైవిక సామర్థ్యం అంటారు. పది కిలోల ఎండుగడ్డికి ఆరు కిలోల తాజా పుట్టగొడుగులు వస్తే జైవిక సామర్థ్యం 60 శాతం. మన ఉదాహరణలో అక్టోబరు చివరి వారంలో మొదటి కోత, తరువాత వారం పది రోజుల వ్యవధిలో రెండవ, మూడవ కోతలు వస్తాయి. మొదటి కోతలోనే ఎక్కువ భాగం వస్తుంది. రెండు సంచులు ఆకుపచ్చ బూజుకు పోయాయనుకోండి. మిగిలిన ఎనిమిది సంచుల్లోని గడ్డి 8 కిలోలు. వాటి నుంచి 60 శాతం చొప్పున 4.8 కిలోలు వస్తాయి. కానీ మీరు వాడిన గడ్డి పది కిలోలు కాబట్టి, మీ అసలు సామర్థ్యం 48 శాతమే. పారవేసిన సంచులను లెక్కలో నుంచి తీసివేయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

మరొక లెక్క కూడా ఉంది. కరువు సంవత్సరంలో ఇక్కడ గడ్డి అంటే పశువుల మేత. పశుగ్రాస శిబిరాలు నడిచిన జిల్లా ఇది. పశువులు తినగల మంచి గడ్డిని సంచుల్లోకి మళ్ళించే ముందు, ఇంటి పశువులకు వేసవి వరకు మేత మిగులుతుందో లేదో చూసుకోవాలి. కాపు అయిపోయిన గడ్డిని తిరిగి మేతగా వేయవచ్చు కదా అనిపించవచ్చు. అందులో బూజులు చేరి ఉండే అవకాశం ఉన్నందున దానిని ఎరువు గుంతలో వేయడమే క్షేమం.

9.8 సారాంశం

ఈస్ట్ ఏకకణ జీవి, కోరకీభవనం ద్వారా పెరుగుతుంది. బూజు తంతువులుగా పెరిగి, త్వరగా రంగు సిద్ధబీజాలను ఏర్పరుస్తుంది. పుట్టగొడుగు శిలీంద్రం కూడా తంతువులుగానే పెరిగి, అనుకూల పరిస్థితుల్లో మొప్పలున్న ఫలనాంగాన్ని ఇస్తుంది. గడ్డిని వేడినీటితో శుద్ధి చేయడం, తేమను 65 శాతం వద్ద ఉంచడం, చల్లారిన తరువాత విత్తడం – ఇవన్నీ నిదానంగా పెరిగే పుట్టగొడుగు శిలీంద్రానికి బూజుపై ముందంజ ఇస్తాయి. పొడి ప్రాంతంలో కాపు దశలో గాలిని, తేమను కలిపి కాపాడటమే ప్రధానమైన పని.

9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒక సంచిలో తెల్లటి మచ్చ జొన్న గింజలకు దూరంగా మొదలై, మూడవ రోజుకు ఆకుపచ్చగా మారింది. అది ఏమిటి? ఎలా నిర్ణయించారు?
2. పొడి మాపకం 30, తడి మాపకం 24 చూపుతున్న గదిలో మొగ్గలకు ఏమవుతుంది? మీరు మొదట ఏం చేస్తారు?
3. 6 కిలోల ఎండుగడ్డిని 65 శాతం తేమకు తెస్తే తడిగడ్డి బరువు ఎంత? ఎండుగడ్డిలో ఘనపదార్థం 90 శాతమని తీసుకోండి.

జవాబులు

1. ట్రైకోడెర్మా బూజు. పుట్టగొడుగు శిలీంద్రం గింజ నుంచి విస్తరిస్తుంది, ఆకుపచ్చగా మారదు.
2. తేడా 6 డిగ్రీలు కాబట్టి గాలి పొడిగా ఉంది, మొగ్గలు ఎండుతాయి. కిటికీ మూయకుండా గోనె పట్టలను, ఇసుకను తడపాలి.
3. ఘనపదార్థం 5.4 కిలోలు. 5.4 ÷ 0.35 = సుమారు 15.4 కిలోలు.